డబుల్ టాప్ చూసి షార్ట్ చేస్తే స్టాప్‌లాస్ ఎందుకు పోతోంది?

సమస్య: చార్టులో రెండో టాప్ కనబడగానే షార్ట్ చేశారు. ధర పాత టాప్‌ని కాస్త దాటి మీ స్టాప్‌లాస్ కొట్టేసింది, ఆ తర్వాత రెండు మూడు రోజులకి మీరు అనుకున్నట్టే కిందికి పడిపోయింది.

ముందు ఇది చూడండి, చాలామంది చూడనిది ఇదే. రెండు టాప్‌ల మధ్య ధర దిగి ఆగిన చోటే నెక్‌లైన్. రోజు క్యాండిల్ దాని కింద క్లోజ్ అయిందా? కాకపోతే అది ఇంకా డబుల్ టాప్ కాదు, పెరుగుతున్న షేరు కాసేపు ఆగిందంతే. మధ్యాహ్నం నెక్‌లైన్ కిందికి దిగి, 3:30కి మళ్లీ పైన క్లోజైతే అదీ లెక్కలోకి రాదు.

అసలు కారణం: నేను ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. ఒక షేరు 380 నుంచి 500కి వెళ్లి, 460కి దిగి, మళ్లీ 499కి వచ్చిందనుకుందాం. అందరికీ చార్టులో అదే M ఆకారం కనబడుతుంది కాబట్టి అందరూ 497 దగ్గర షార్ట్ చేసి, 503లో స్టాప్‌లాస్ పెడతారు. షార్ట్ చేసినవాడి స్టాప్‌లాస్ అంటే కొనే ఆర్డరే కదా. ధర 503 తాకగానే ఆ ఆర్డర్లన్నీ ఒకేసారి కొంటాయి, బ్రేకవుట్ అనుకుని కొత్తవాళ్లు కూడా తోడవుతారు, ధర 506 దాకా ఎగురుతుంది. అక్కడ పెద్దగా అమ్మాలనుకున్నవాళ్లకి కావలసినంత మంది కొనేవాళ్లు దొరికినట్టే. వాళ్లు అమ్మేశాక కొనేవాళ్లు మిగలరు, క్లోజింగ్ 494. అందుకే రెండో టాప్ మొదటిదానికంటే కొంచెం పైన ఉండడం మామూలే. అయితే ఆ రోజు 500 పైనే క్లోజై, మర్నాడు కూడా నిలబడితే మాత్రం అది నిజమైన బ్రేకవుటే, డబుల్ టాప్ సంగతి వదిలేయండి.

పరిష్కారం: 460 కింద క్లోజయ్యేదాకా ఆగండి. 455లో క్లోజైతే అక్కడ షార్ట్, స్టాప్‌లాస్ నెక్‌లైన్‌కి కాస్త పైన, 468 దగ్గర. పైన 506 నుంచి 460 దాకా ఉన్న 46 రూపాయలని నెక్‌లైన్ నుంచి కిందికి కొలిస్తే టార్గెట్ 414. రిస్క్ 13, రావలసింది 41. స్టాప్‌లాస్‌ని 506 పైన పెడితే రిస్క్ 50 దాటుతుంది, ఆ ట్రేడ్ దండగ. పడ్డాక ధర మళ్లీ 460 దాకా వచ్చి వెళ్లడం తరచూ జరుగుతుంది, అప్పుడు కంగారు పడి బయటికి రావద్దు. ఇంకో మాట, క్యాష్‌లో షార్ట్ ఆ రోజుకే పరిమితం, మర్నాటికి ఉంచాలంటే ఫ్యూచర్స్‌లోనో, పుట్ కొనో చేయాలి.

డబుల్ బాటమ్‌కి ఇదే తిరగేసి చూసుకోండి, ఒక్క తేడా: పైకి బ్రేక్ అయ్యేటప్పుడు వాల్యూమ్ పెరగాలి, లేకపోతే నేను నమ్మను. పడడానికి అంత వాల్యూమ్ అక్కర్లేదు.

బోనస్ షేర్లకీ, స్ప్లిట్‌కీ సర్దుబాటు కాని చార్టులో బాటమ్‌లు తప్పుగా కనబడతాయి, అరుదు, ఓసారి వేరే చార్టుతో పోల్చి చూస్తే చాలు.