సిగ్నల్ నిండుగా ఉన్నా కాల్ తెగుతోందా? ఆఫీసు ఫ్లోర్‌లో యాక్సెస్ పాయింట్లు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి

మాదాపూర్‌లో మేం చూసిన ఒక ఫ్లోర్ సంగతి ఇది. పొడవు 120 అడుగులు, వెడల్పు 75 అడుగులు. 120 మంది కూర్చుంటారు. ప్రతి ఒక్కరికీ ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోన్. మధ్యలో పొడవునా నడవా, అందులో వరుసగా నాలుగు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై ఇచ్చే డబ్బాలు. ఉదయం తొమ్మిదికి అంతా బాగుంటుంది. పదకొండుకి టీమ్ మీటింగులు మొదలవగానే వీడియో గడ్డకట్టుకుపోతుంది, మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. వైఫై గీతలు మాత్రం నాలుగుకు నాలుగూ ఉంటాయి. నెట్ ప్యాక్ పెంచారు, ఫలితం లేదు. నడవాలోనే ఇంకో రెండు పాయింట్లు బిగించారు. పరిస్థితి ఇంకా పాడైంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

పదకొండు గంటలకే, ఇబ్బంది పడుతున్న సీటు దగ్గరే కూర్చుని రౌటర్‌కు పింగ్ పెట్టండి. కమాండ్లు విండోస్‌వి, అడ్రస్ మాత్రం మీ ఆఫీసు రౌటర్‌ది వాడాలి.

```
ping -n 50 192.168.1.1
netsh wlan show interfaces
```

అదే ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి ఇంకోసారి చూడండి. మాకు కేబుల్ మీద ప్రతిసారీ 1 ms వచ్చింది. వైఫై మీద 4, 6, 190, 240, మధ్యలో `Request timed out`. రౌటర్ దాకా వెళ్లడానికే ఇంత అవస్థ పడుతుంటే ఇంటర్నెట్ లైనును తప్పుపట్టి లాభం లేదు. రోగం గాలిలోనే ఉంది.

రెండో కమాండ్‌లో `Signal`, `Channel`, `BSSID` అనే మూడు వరుసలు చూడండి. ల్యాప్‌టాప్ ఏ పాయింట్‌కు కనెక్ట్ అయిందో చెప్పేది `BSSID`. విండోస్ చూపించే శాతంలో సగం తీసుకుని, అందులోంచి 100 తీసేస్తే సుమారు డీబీఎం లెక్క వస్తుంది. సిగ్నల్ బలాన్ని కొలిచేది అందులోనే, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. అంటే 66 శాతం అంటే -67 డీబీఎం. వీడియో కాల్‌కు అంత ఉంటే చాలు. మా సీట్లన్నింటిలోనూ 80 శాతం పైనే ఉంది. కాబట్టి కొరత సిగ్నల్‌కు కాదు.

లక్షణం: గీతలు నిండుగా ఉంటాయి, రద్దీ వేళలో కాల్స్ తెగుతాయి

కారణం గాలిలో వంతు దొరకకపోవడం. ఒక ఛానెల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. మిగతా ల్యాప్‌టాప్‌లన్నీ ఆగి వింటాయి. రెండు యాక్సెస్ పాయింట్లు ఒకే ఛానెల్‌లో ఉండి, ఒకదాని మాట ఇంకోదానికి వినబడుతుంటే, వాటి కింద ఉన్న వాళ్లంతా ఒకే వరుసలో నిలబడినట్టే. డబ్బాలు రెండు ఉన్నా కౌంటరు ఒక్కటే.

మా ఫ్లోర్‌లో అన్నీ 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో నడుస్తున్నాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్‌తో పంచుకునే డీఎఫ్ఎస్ ఛానెళ్లు పక్కన పెడితే, అంత వెడల్పుగలవి రెండే మిగులుతాయి: 36 నుంచి 48 దాకా ఒకటి, 149 నుంచి 161 దాకా ఒకటి. నాలుగు పాయింట్లకు రెండు ఛానెళ్లు, ఆరయ్యాక కూడా అవే రెండు. పైగా నడవాలో అడ్డమేమీ లేదు కాబట్టి ఈ చివరి పాయింట్ మాట ఆ చివరికి చక్కగా వినబడుతుంది. రెండు కొత్తవి కలిపితే వంతులు పెరగలేదు, గోల పెరిగింది.

వెడల్పు ఎక్కువైతే వేగం ఎక్కువే కదా అని ఎవరైనా అడుగుతారు. పెద్ద ఫైలు ఒక్కరే దించుకుంటుంటే నిజమే. వీడియో కాల్స్‌లో వెళ్లేవి చిన్నచిన్న ప్యాకెట్లు. ఒక్కోదానికీ ఆగి, విని, వంతు తీసుకునే సమయమే ఎక్కువ. ఆ సమయం వెడల్పుతో తగ్గదు. అందుకే జనం ఎక్కువున్న చోట విశాలమైన రెండు రోడ్ల కన్నా ఇరుకైన ఎనిమిది రోడ్లే మేలు.

పరిష్కారం: ఎన్ని కావాలో మనుషులను బట్టి లెక్కేయడం

చదరపు అడుగులను బట్టి లెక్కేయవద్దు. మేం ఇలా వేశాం. రద్దీ వేళ 60 మంది కాల్‌లో ఉంటారు, ఒక్కొక్కరికి రానూపోనూ కలిపి 5 ఎంబీపీఎస్. అది 300. మిగతా వాళ్ల మెయిళ్లు, ఫైళ్లు, ఫోన్లకు ఇంకో 60. మొత్తం 360. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో మామూలు ల్యాప్‌టాప్ 150 ఎంబీపీఎస్ దగ్గర కనెక్ట్ అయిందనుకుందాం. చేతికి వచ్చేది అందులో సగమే, సుమారు 75. ఛానెల్‌ను 60 శాతానికి మించి నింపితే కాల్స్ ఇబ్బంది పడతాయి కాబట్టి 45 మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. 360ని 45తో భాగిస్తే 8.

డీఎఫ్ఎస్ ముట్టుకోకుండా 20 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు తొమ్మిది ఉన్నాయి: 36, 40, 44, 48, 149, 153, 157, 161, 165. ఎనిమిది పాయింట్లకు ఎనిమిది వేర్వేరు ఛానెళ్లు దొరికాయి. పై ఫ్లోర్ వాళ్లు ఏవి వాడుతున్నారో ముందే స్కాన్ చేసి, వాళ్ల కింద పడే చోట అవి రాకుండా సర్దాం.

నడవా పూర్తిగా ఖాళీ చేశాం. ఆరింటిని సీట్ల మీదికి మార్చాం: రెండు వరుసలు, వరుసకు మూడు, ఒకదానికొకటి సుమారు 40 అడుగుల దూరం, రెండో వరుసను కొంచెం పక్కకు జరిపి. ఏడోది 20 మంది పట్టే మీటింగ్ రూమ్ లోపల, ఎనిమిదోది క్యాంటీన్ వైపు. అన్నీ ఫాల్స్ సీలింగ్ కిందికి కనబడేలా, ముఖం నేలవైపు. అందం కోసం సీలింగ్ పైన దాచితే ఏసీ డక్టుల రేకు సిగ్నల్‌ను తినేస్తుంది. సీలింగ్ కోసం చేసిన పాయింట్‌ను గోడకు బిగిస్తే సిగ్నల్‌లో చాలా భాగం పై ఫ్లోర్‌కూ కింది ఫ్లోర్‌కూ పోతుంది.

లక్షణం: సీటు మారినా ల్యాప్‌టాప్ పాత పాయింట్‌నే పట్టుకుని ఉంటుంది

మీటింగ్ రూమ్‌లోకి వెళ్లాక మళ్లీ `netsh` కొట్టండి. `BSSID` మారకపోతే ఇదే సమస్య. ఎప్పుడు మారాలో ల్యాప్‌టాపే నిర్ణయించుకుంటుంది. పాత పాయింట్ పవర్ ఎక్కువగా ఉంటే దూరం నుంచీ దాని గొంతు బాగానే వినబడుతుంది, అందుకే వదలదు. ల్యాప్‌టాప్ జవాబు మాత్రం అంత దూరం గట్టిగా చేరదు.

5 గిగాహెర్ట్జ్ పవర్‌ను 12 నుంచి 14 డీబీఎం మధ్యకు దించాం. దూరంగా వెళ్లిన ల్యాప్‌టాప్ నెమ్మది వేగంతో పాత పాయింట్‌నే పట్టుకుని వేలాడకుండా 12 ఎంబీపీఎస్ కన్నా తక్కువ రేట్లు ఆపేశాం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే, అందుకని ఎనిమిదింటిలో ఐదింటికి ఆ రేడియోనే కట్టేశాం. ఈ పని చేయడానికి చాలామందికి ధైర్యం చాలదు. పాత ప్రింటర్లు అదే బ్యాండ్‌లో ఉంటాయి కాబట్టి వాటి దగ్గరి మూడు మాత్రం ఉంచాలి.

కొలత ఎప్పుడు తీయాలి

ఆదివారం ఖాళీ ఫ్లోర్‌లో తీసిన కొలతలను నమ్మవద్దు. మనిషి శరీరంలో నీరే ఎక్కువ, అది సిగ్నల్‌ను పీల్చుకుంటుంది. మంగళవారం పదకొండుకి, ల్యాప్‌టాప్‌ను బల్ల మీదే పెట్టి, ప్రతి వరుసలో చివరి సీటు దగ్గర చూశాం. అన్నిచోట్లా -67 కన్నా మెరుగ్గానే ఉంది. పింగ్ 3 నుంచి 12 ms మధ్య నిలబడింది. పాయింట్లన్నింటినీ నడిపే కంట్రోలర్‌లో ఛానెల్ వినియోగం మీటింగ్ రూమ్‌లో 50 శాతం దగ్గర, మిగతా చోట్ల 40 లోపు.

రేపు ఇంకో 40 మంది చేరితే తొమ్మిదో ఛానెల్ కూడా అయిపోతుంది. అప్పుడు డీఎఫ్ఎస్ ఛానెళ్లు తెరవాలి. అవి వాడే ముందు పాయింట్ కనీసం ఒక నిమిషం రాడార్ కోసం వింటుంది, రాడార్ కనబడితే ఉన్నపళంగా ఛానెల్ ఖాళీ చేస్తుంది, కాల్స్ తెగుతాయి. కాబట్టి ముందు క్యాంటీన్ పాయింట్‌ను 52కి మార్చి రెండు వారాలు లాగ్ చూడాలి. రాడార్ ఎంట్రీలు ఏమీ లేకపోతే అప్పుడు సీట్ల మీదివి మార్చుకోవచ్చు.