భాగస్వామి విరమించినప్పుడు ఆస్తుల పునర్మూల్యాంకనం, గుడ్‌విల్, మూలధనాల సర్దుబాటు ఎలా చేయాలి?

ఒక భాగస్వామి సంస్థ నుంచి తప్పుకునేటప్పుడు మూడు నిష్పత్తులు కలగాపులగంగా ఎదురవుతాయి: పాత లాభాల నిష్పత్తి, మిగిలినవాళ్ల కొత్త నిష్పత్తి, లబ్ధి నిష్పత్తి. ఈ లెక్క ఎక్కడైనా తప్పిందంటే కూడికలు సాధారణంగా సరిగ్గానే ఉంటాయి, ఒక నిష్పత్తి వాడాల్సిన చోట ఇంకొకటి వాడి ఉంటారు. అందుకే ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా తీసుకెళ్దాం. ఏ మెట్టులో ఏ నిష్పత్తి, ఎందుకో అక్కడే తేలుతుంది.

ఉదాహరణ

కమల, గిరి, చందు 5:3:2 నిష్పత్తిలో లాభాలు పంచుకుంటున్నారు. గిరి విరమిస్తున్నాడు. ఇకపై కమల, చందు 3:2గా పంచుకోవాలని ఒప్పుకున్నారు. విరమణ రోజున పుస్తకాల్లో ఉన్నవి ఇవి (రూపాయల్లో):

| అప్పులు, మూలధనం | మొత్తం | ఆస్తులు | మొత్తం |
|---|---|---|---|
| ఋణదాతలు | 1,00,000 | భవనం | 3,00,000 |
| సాధారణ రిజర్వు | 50,000 | యంత్రాలు | 1,50,000 |
| కమల మూలధనం | 3,00,000 | సరుకు నిల్వ | 1,20,000 |
| గిరి మూలధనం | 2,00,000 | ఋణగ్రస్తులు | 1,00,000 |
| చందు మూలధనం | 1,50,000 | బ్యాంకు | 1,30,000 |
| మొత్తం | 8,00,000 | మొత్తం | 8,00,000 |

1. ముందు లబ్ధి నిష్పత్తి కట్టండి

కొత్త వాటాలోంచి పాత వాటా తీసేస్తే లబ్ధి వస్తుంది. కమలకు 3/5 - 5/10 = 1/10. చందుకు 2/5 - 2/10 = 2/10. రెండూ కలిపితే 3/10, అంటే గిరి వదిలిన వాటా అంతా లెక్కకు వచ్చింది. లబ్ధి నిష్పత్తి 1:2.

కొత్త నిష్పత్తి గురించి ఒప్పందంలో ఏమీ లేకపోతే మిగిలినవాళ్లు పాత 5:2 లోనే సాగుతారు, లబ్ధి కూడా 5:2 అవుతుంది. ఈ తేలిక సందర్భానికి అలవాటుపడ్డవాళ్లే కొత్త నిష్పత్తి విడిగా ఇచ్చినప్పుడు కూడా 5:2 వాడేస్తుంటారు.

2. ఆస్తులు, అప్పుల విలువ తిరిగి కట్టండి

భవనం విలువ ఏళ్ల తరబడి పెరిగింది, గిరి ఉండగానే పెరిగింది. పుస్తకంలోని పాత విలువతో అతన్ని పంపేస్తే ఆ పెరుగుదల మొత్తం మిగిలినవాళ్లకే పోతుంది. నష్టాలకూ ఇదే న్యాయం. కాబట్టి ఇక్కడ వాడాల్సింది పాత నిష్పత్తి, విరమించే వ్యక్తితో కలిపి ముగ్గురికీ.

భాగస్వాములు ఒప్పుకున్న విలువలు ఇవి. భవనం 3,80,000. యంత్రాల మీద 10 శాతం తగ్గింపు. సరుకు నిల్వ 1,08,000. ఋణగ్రస్తుల మీద 5 శాతం రాని బాకీల కేటాయింపు. ఇవి కాక, పుస్తకాల్లో ఎక్కని 8,000 మరమ్మతు బిల్లు ఒకటి చెల్లించాలి.

పునర్మూల్యాంకన ఖాతాకు నష్టాలు డెబిట్, లాభాలు క్రెడిట్:

- డెబిట్: యంత్రాలు 15,000, సరుకు 12,000, రాని బాకీల కేటాయింపు 5,000, మరమ్మతు బిల్లు 8,000. మొత్తం 40,000.
- క్రెడిట్: భవనం 80,000.

మిగిలిన లాభం 40,000. పాత నిష్పత్తిలో కమలకు 20,000, గిరికి 12,000, చందుకు 8,000, వాళ్ల మూలధన ఖాతాలకు క్రెడిట్.

తరచూ మరచిపోయేది ఆ మరమ్మతు బిల్లు లాంటిదే. పాత ఆస్తి అప్పుల పట్టీలో దానికి వరుసే ఉండదు కాబట్టి ఆస్తులను ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకుంటూ పోయినా కళ్లకు కనబడదు. చెల్లించని బిల్లులు, పుస్తకాల్లో ఎక్కని ఆస్తులు ఏమైనా ఉన్నాయా అని విడిగా అడిగి రాసుకోవాలి.

కొన్నిసార్లు విలువలు మార్చడానికి భాగస్వాములు ఒప్పుకోరు, లెక్క మాత్రం తేలాలి, ఆస్తులు పాత విలువలతోనే ఉండాలంటారు. అప్పుడు గిరికి రావాల్సిన 12,000ను కమల, చందు లబ్ధి నిష్పత్తిలో భరిస్తారు: కమల ఖాతాకు 4,000, చందు ఖాతాకు 8,000 డెబిట్, గిరికి 12,000 క్రెడిట్. భవనం అలాగే 3,00,000గా నిలుస్తుంది. రేపు అది పెరిగిన ధరకు అమ్ముడైతే లాభం ఇద్దరికే దక్కుతుంది కాబట్టి గిరి వాటాను వాళ్లిద్దరూ ముందే చెల్లించినట్టు.

3. రిజర్వు పంచండి

50,000 పాత నిష్పత్తిలో: 25,000, 15,000, 10,000. నష్టం పేరుకుని ఉంటే ఇదే నిష్పత్తిలో ముగ్గురికీ డెబిట్.

4. గుడ్‌విల్

గత మూడేళ్ల సగటు లాభానికి రెండింతలను గుడ్‌విల్‌గా తీసుకోవాలని ఒప్పందం. లాభాలు 65,000, 75,000, 1,00,000. మూడో ఏడాది లాభంలో పాత యంత్రం అమ్మగా వచ్చిన 15,000 ఉంది. అది ఏటా వచ్చేది కాదు, కనుక తీసేయాలి. అప్పుడు సగటు (65,000 + 75,000 + 85,000) / 3 = 75,000. గుడ్‌విల్ 1,50,000, గిరి వాటా 3/10, అంటే 45,000. ఆ 15,000 తీసేయడం మరిచిపోతే గిరి వాటా 48,000 అవుతుంది.

ఈ 45,000 ఎవరివ్వాలి? గిరి లాభవాటా ఎవరికి చేరిందో వాళ్లు, ఎంత చేరిందో అంత మేరకు. అంటే 1:2లో:

కమల మూలధన ఖాతా డెబిట్ 15,000
చందు మూలధన ఖాతా డెబిట్ 30,000
గిరి మూలధన ఖాతా క్రెడిట్ 45,000

ఇక్కడ 3:2 వాడితే కమల 27,000, చందు 18,000 మోస్తారు. కమల అన్యాయంగా 12,000 కోల్పోయినా పట్టీ మాత్రం చక్కగా సరిపోతుంది. డెబిట్ క్రెడిట్ సమానమయ్యాయి కాబట్టి ఏ సరిచూపూ ఈ తప్పును పట్టుకోదు. పట్టుకోవాలంటే మొదటి మెట్టుకు వెళ్లి, కమల అదనంగా పొందింది 1/10 మాత్రమే కదా, 1,50,000లో 1/10 ఎంత అని అడగాలి. 15,000 కాకపోతే ఎక్కడో నిష్పత్తి మారిందన్నమాట.

మిగిలినవాళ్లలోనే ఒకరి వాటా తగ్గితే? కొత్త నిష్పత్తి 2:3 అనుకుంటే కమల వాటా 5/10 నుంచి 4/10కి పడిపోతుంది. ఆమె కూడా వదులుకున్నట్టే. అప్పుడు చందు 4/10 లబ్ధికి 60,000 డెబిట్ అవుతాడు. అందులో 45,000 గిరికి, 15,000 కమలకు.

గుడ్‌విల్‌ను ఆస్తిగా పట్టీలో చూపడం పాత పద్ధతి. భారతదేశంలో ఏఎస్ 26 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం సొమ్ము ఇచ్చి కొన్న గుడ్‌విల్‌కే పుస్తకాల్లో చోటు, అందుకే పై సర్దుబాటు నేరుగా మూలధన ఖాతాల్లో జరుగుతుంది. పట్టీలో ముందునుంచే పాత గుడ్‌విల్ ఉంటే ముందు దాన్ని పాత నిష్పత్తిలో ముగ్గురికీ రద్దు చేసి, ఆ తర్వాతే ఈ పద్దు రాయాలి.

5. నిల్వలు తేల్చండి

| | కమల | గిరి | చందు |
|---|---|---|---|
| ప్రారంభ మూలధనం | 3,00,000 | 2,00,000 | 1,50,000 |
| పునర్మూల్యాంకన లాభం | 20,000 | 12,000 | 8,000 |
| రిజర్వు | 25,000 | 15,000 | 10,000 |
| గుడ్‌విల్ | -15,000 | +45,000 | -30,000 |
| నిల్వ | 3,30,000 | 2,72,000 | 1,38,000 |

మొత్తం 7,40,000. సరిచూడండి: కొత్త విలువల్లో ఆస్తులు 8,48,000, అప్పులు 1,08,000 (ఋణదాతలు, బిల్లు), తేడా 7,40,000. ఇక్కడ కుదరకపోతే ముందుకు వెళ్లొద్దు.

6. మిగిలినవాళ్ల మూలధనాలను 3:2కు తేవడం

గిరికి రావాల్సింది 2,72,000. అది ఎలా ఇస్తారన్నదాన్ని బట్టి మూలధనాల లెక్క మారుతుంది.

గిరి సొమ్ము అప్పు ఖాతాకు బదిలీ అయి, కమల, చందు మొత్తం మూలధనం మారకుండా ఉంటే లెక్క తేలిక. 3,30,000 + 1,38,000 = 4,68,000ను 3:2గా విడగొడితే 2,80,800, 1,87,200. కమల 49,200 వెనక్కి తీసుకోవాలి, చందు 49,200 తేవాలి. చేతిలో నగదు లేకపోతే తేడాను వాళ్ల కరెంటు ఖాతాలకు మళ్లించవచ్చు: కమలకు క్రెడిట్, చందుకు డెబిట్.

చిక్కంతా గిరికి వెంటనే పూర్తిగా చెల్లించాలన్నప్పుడు వస్తుంది. బ్యాంకులో కనీసం 50,000 ఉంచి, తక్కువపడింది కమల, చందు తేవాలి, చివరికి మూలధనాలు 3:2లో నిలవాలి. ఇలా చేయండి:

- బ్యాంకు నుంచి వాడగలిగింది: 1,30,000 - 50,000 = 80,000.
- తేవాల్సింది: 2,72,000 - 80,000 = 1,92,000.
- కొత్త మొత్తం మూలధనం: 4,68,000 + 1,92,000 = 6,60,000.
- 3:2లో: కమల 3,96,000, చందు 2,64,000.
- కమల తెచ్చేది 3,96,000 - 3,30,000 = 66,000. చందు తెచ్చేది 2,64,000 - 1,38,000 = 1,26,000.

రెండూ కలిపి 1,92,000. చాలామంది ఈ 1,92,000నే 3:2లో పంచి కమలకు 1,15,200, చందుకు 76,800 అంటారు. అలా చేస్తే మూలధనాలు 4,45,200, 2,14,800 అవుతాయి, అది 3:2 కాదు. నిష్పత్తి కుదరాల్సింది తెచ్చే సొమ్ములో కాదు, చివరి మూలధనంలో.

పద్దులు:

బ్యాంకు ఖాతా డెబిట్ 1,92,000
కమల మూలధన ఖాతా క్రెడిట్ 66,000
చందు మూలధన ఖాతా క్రెడిట్ 1,26,000

గిరి మూలధన ఖాతా డెబిట్ 2,72,000
బ్యాంకు ఖాతా క్రెడిట్ 2,72,000

చివరి పట్టీలో భవనం 3,80,000, యంత్రాలు 1,35,000, సరుకు 1,08,000, కేటాయింపు పోను ఋణగ్రస్తులు 95,000, బ్యాంకు 50,000, మొత్తం 7,68,000. అటువైపు అప్పులు 1,08,000, మూలధనాలు 6,60,000. సరిపోయింది.

ఒప్పందంలో వేరే ఏర్పాటు లేకుండా గిరి సొమ్ము చెల్లించకుండానే మిగిలినవాళ్లు వ్యాపారం సాగిస్తే, భారత భాగస్వామ్య చట్టం 1932లోని 37వ సెక్షన్ అతనికి ఎంచుకునే హక్కు ఇస్తుంది: విరమణ తర్వాత అతని వాటా సొమ్ము వాడుకోవడం వల్ల వచ్చిన లాభంలో భాగం, లేదా ఆ సొమ్ముపై ఏడాదికి 6 శాతం వడ్డీ. అప్పు ఖాతాకు బదిలీ చేసేటప్పుడే వడ్డీ రేటు, వాయిదాల తేదీలు రాసుకుంటే ఈ సెక్షన్ దాకా పోవాల్సిన పని పడదు.