సీసా మీది లేబుల్ ఒక్కటే మార్చాలంటే

గుంటూరులో ఒక పచ్చళ్ల షాపు యాడ్ ఫైనల్ అయ్యాక, సీసా మీద ‘గోంగూర’ తీసి ‘పండుమిర్చి’ పెట్టమన్నారు. లేబుల్‌కి మాస్క్ వేసి, మాస్క్ వేసిన చోటు మాత్రమే AIతో మళ్లీ గీయించే ఇన్‌పెయింటింగ్‌కే ఆ పేరు చెప్పి రాయించాను. ‘ర్చి’ దగ్గర వత్తు ఏదో జిలేబీ చుట్టలా వచ్చింది. నాలుగుసార్లు చేసినా అంతే.

అందుకే ఇప్పుడు దానితో ఖాళీ లేబుల్ మాత్రమే చేయిస్తాను. మాస్క్‌ని లేబుల్ అంచు దాటి పది, పదిహేను పిక్సెళ్లు గీస్తాను, లేకపోతే పాత అంచు గీతలా మిగులుతుంది. ప్రాంప్ట్‌లో ‘అక్షరాలు లేని తెల్ల కాగితం లేబుల్’ అంటే చాలు. పాత చిత్రాన్ని ఎంత మార్చాలో చెప్పే Denoising strength బాగా తగ్గిస్తే పాత అక్షరాల నీడ పోదు, 0.8 పైన ఉంచండి.

అక్షరాలు మాత్రం ఫోటోషాప్‌లో మామూలు ఫాంట్‌తో టైప్ చేసి, సీసా వంపుకి తగ్గట్టు Warp చేసి, ఆ లేయర్‌కి Multiply మోడ్ పెడతాను. గాజు మీది నీడ అక్షరాల మీదా పడుతుంది.

ఇంకొకటి. కొన్ని టూల్స్ మాస్క్ బయట కూడా చిత్రాన్ని కాస్త మార్చేస్తాయి. పాత చిత్రం మీద కొత్తది పెట్టి Difference మోడ్‌లో చూడండి. మాస్క్ బయట నల్లగా లేకపోతే, కొత్త చిత్రంలోంచి మాస్క్ వేసిన భాగం వరకే కత్తిరించి పాతదాని మీద అతికించండి.