ట్రెండింగ్ ట్యాగ్ మీద జోక్ వేసే ముందు

• ముందు ఆ ట్యాగ్ నొక్కి, కనీసం ఇరవై పోస్టులు చదవండి. 2014 సెప్టెంబరులో అమెరికాలో డిజోర్నో పిజ్జా వాళ్లు ఈ పని చేయలేదు. #WhyIStayed కనబడగానే "పిజ్జా ఉందిగా" అన్న అర్థంలో జోక్ వదిలారు. అక్కడ ఆడవాళ్లు రాస్తున్నదేమో, కొట్టే మనిషిని వదిలి ఎందుకు రాలేకపోయామో! పోస్టు వెంటనే తీసేసినా స్క్రీన్‌షాట్లు మిగిలాయి.

• ట్యాగ్‌లో "నేను", "ఎందుకు" లాంటి మాటలుంటే అది ఎవరి సొంత కథో అయ్యుండొచ్చు. అనుమానముంటే వదిలేయండి.

• ముందే షెడ్యూల్ చేసిన పోస్టుల్నీ ఆ రోజు వార్తలు చూసి మళ్లీ చదవండి.

• పొరపాటైతే "అపార్థం చేసుకున్నారు" అనొద్దు. ట్యాగ్ దేని గురించో చదవకుండా పెట్టామని డిజోర్నో ఒప్పుకుంది. కోపంగా రాసినవాళ్లకు విడివిడిగా సారీ చెప్పింది.