ఒకే నోటీసు, మూడు రకాలుగా

నెల్లూరు దగ్గర రొయ్యల ప్లాంటులో మొదటి షిఫ్టు 8కి బదులు 6కి మారుతోందనుకోండి. ముందు గ్రేడింగ్ టేబుల్ దగ్గరి వాళ్లకే రాయండి, అదే కష్టం: “సోమవారం నుంచి ఉదయం 6కి పని మొదలు. బస్సు మీ ఊరికి 5:15కి వస్తుంది. సాయంత్రం రెండు గంటలు ముందే ఇంటికెళ్లొచ్చు. జీతం మారదు.” కారణం ఒక్క ముక్క చాలు: ఎండ ముదరకముందే సరుకు లోపలికి చేరాలని.

తోటి మేనేజర్లకి ఆదేశంలా కాదు, అడిగినట్టు: “సోమవారం నుంచి ఉదయం 6కి షిఫ్టు మొదలు. ఐసు 5:30కల్లా అందుతుందా? కుదరకపోతే శుక్రవారంలోపు చెప్పండి.”

ఎండీగారికి రెండు వాక్యాలు. బస్సు ఖర్చు ముందు, ఆయన ఆమోదించాల్సింది తర్వాత.

రోజు, టైము మాత్రం మూడింట్లోనూ కాపీ చేసి పెట్టండి. ఒక్కచోట “పొద్దున్నే” అని రాశారా, సగంమంది 7కి వస్తారు.