ఆరోగ్య బీమా చదువుకుందాం – 3వ పాఠం: డిడక్టబుల్, కో-పే

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. గుండె రక్తనాళంలో స్టెంటు వేయించుకున్న ఒక గృహస్థుకు ఆసుపత్రి బిల్లు 2,60,000 రూపాయలు అయింది. అందులో చేతి తొడుగులు, రిజిస్ట్రేషన్ రుసుము, రోగికి తోడున్నవారి భోజనం వంటి బీమా కంపెనీ ఇవ్వని ఖర్చులు 18,000. గది అద్దె పరిమితిలోనే ఉంది. అలాంటప్పుడు కంపెనీ లెక్కలోకి తీసుకునే మొత్తం ఎంత అన్నది ప్రశ్న. జవాబు 2,42,000. దీన్ని అనుమతించే మొత్తం అందాం. ఈ వారం పాఠమంతా ఆ అంకె దగ్గరే మొదలవుతుంది. డిడక్టబుల్, కో-పే అనే రెండు కోతలూ పడేది ఆసుపత్రి ఇచ్చిన బిల్లు మీద కాదు, ఈ 2,42,000 మీద.

నేను కొన్నేళ్లు విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి బీమా విభాగంలో పనిచేశాను. డిశ్చార్జి రోజున మా కిటికీ దగ్గర ఎక్కువగా వినిపించిన మాట, "క్యాష్‌లెస్ అన్నారు కదండీ, మళ్లీ డబ్బు కట్టమంటారేమిటి?" అన్నదే. కట్టమన్నది ఆసుపత్రి అత్యాశతో కాదు. కంపెనీ పంపిన తుది అనుమతి పత్రంలో రోగి వంతు అని ఒక గడి ఉంటుంది. పాలసీ కొన్న రోజునే ఆ గడిలో ఏం పడుతుందో నిర్ణయమైపోయి ఉంటుంది. కొన్నవారికి ఆ సంగతి తెలియదు, అంతే తేడా.

డిడక్టబుల్ అంటే మొదట మనం భరించాల్సిన నిర్ణీత రూపాయల మొత్తం. పాలసీలో 25,000 అని ఉంటే, అనుమతించే మొత్తంలో తొలి 25,000 మనది, ఆ పైనదాని సంగతే కంపెనీ చూస్తుంది. దీన్ని కొందరు తెలుగులో మినహాయింపు అని రాస్తున్నారు. ఏయే జబ్బులకు పాలసీ వర్తించదో చెప్పేదాన్ని కూడా మినహాయింపు అనే అంటారు కాబట్టి రెండూ కలిసిపోయి గందరగోళమవుతుంది. నేను డిడక్టబుల్ అనే వాడతాను.

కో-పే రూపాయల్లో ఉండదు, శాతంలో ఉంటుంది. 20 శాతం కో-పే అంటే, అనుమతించిన ప్రతి వంద రూపాయల్లో ఇరవై మనవి.

ఇక్కడ ఒక పక్కదారి తప్పదు. మన ఊళ్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా. పాలసీ తీసుకునేటప్పుడు ఫోనులో సలహా వాళ్లనే అడుగుతారు. అక్కడ కో-పే అంటే సాధారణంగా డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా కట్టే ఒక స్థిరమైన రుసుము, ముప్పయి డాలర్లో నలభయ్యో. శాతం లెక్కన పంచుకోవడానికి వాళ్లకు కో-ఇన్సూరెన్స్ అని వేరే మాట ఉంది. పైగా అక్కడి పాలసీల్లో ఏడాదికి మన జేబులోంచి ఇంతకు మించి పోదు అని ఒక హద్దు సాధారణంగా ఉంటుంది. "కో-పే ఎంతో ఉండదు నాన్నా, తీసేసుకోండి" అని అబ్బాయి చెప్పేది ఆ అనుభవంతోనే. మన పాలసీల్లో కో-పే అంటే ఆ శాతమే, దానికి మామూలుగా హద్దు కూడా ఉండదు. బిల్లు పెరిగినకొద్దీ మన వంతూ పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. సీతమ్మధారలో మా పక్క వాటాలో ఉండే దంపతులు, ఇద్దరు పిల్లలు కలిపి నలుగురికి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటరు చూసుకుంటూ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఏజెంటు ముందుగా చూపించినది అన్నిటికన్నా చవకైనది. అందులో 25,000 డిడక్టబుల్, 20 శాతం కో-పే రెండూ ఉన్నాయి. స్టెంటు బిల్లును దానిమీద పెట్టి చూశాం.

అనుమతించే మొత్తం 2,42,000. ముందు డిడక్టబుల్ తీసేస్తే 2,17,000 మిగిలింది. దానిమీద 20 శాతం అంటే 43,400 కో-పే. అది కూడా పోగా కంపెనీ ఇచ్చేది 1,73,600. కుటుంబం కట్టాల్సింది మొదటి 18,000, డిడక్టబుల్ 25,000, కో-పే 43,400, అన్నీ కలిపి 86,400. ఆవిడ కాగితం మీద మూడుసార్లు కూడి చూసి, "అంటే క్యాష్‌లెస్ అయినా చేతిలో లక్ష ఉంచుకోవాలన్నమాట" అన్నారు. అవును, ఈ పాలసీతో ఉంచుకోవాలి.

కోతల వరుస కూడా ముఖ్యమే. కో-పే ముందు తీసి, డిడక్టబుల్ తర్వాత తీస్తే 2,42,000లో 20 శాతం 48,400 పోయి 1,93,600 మిగులుతుంది, అందులోంచి 25,000 పోతే కంపెనీ ఇచ్చేది 1,68,600. తేడా 5,000. అది ఊరికే వచ్చిన అంకె కాదు, మనం ఎలాగూ భరించే డిడక్టబుల్ మీద కూడా 20 శాతం వసూలైందన్నమాట. ఏది ముందో పాలసీ పత్రంలో కో-పే నిబంధన దగ్గర చూడాలి. "డిడక్టబుల్ పోగా మిగిలిన మొత్తంపై" అన్న అర్థం వచ్చే మాట ఉంటే మనకు మేలు.

అంతకన్నా పెద్ద తేడా తెచ్చేది ఇంకొకటి ఉంది. డిడక్టబుల్ ఏడాదికి ఒకసారా, ప్రతి క్లెయిముకా? డిడక్టబుల్ దేనికి వర్తిస్తుందో పాలసీలోనే చెప్పాలన్నది నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వచనంలోనే ఉంది. చెప్పడమైతే చెబుతారు, ప్రకటన కాగితంలో మాత్రం ఆ ముక్క కనిపించదు. అదే ఏడాది వానాకాలంలో వాళ్ల చిన్నమ్మాయి డెంగీతో చేరిందనుకుందాం. అనుమతించే మొత్తం 60,000. డిడక్టబుల్ ఏడాది మొత్తానికి ఒకటే, కుటుంబమంతటికీ కలిపి ఒకటే అయితే అది తండ్రి స్టెంటుతోనే తీరిపోయింది. ఇప్పుడు కో-పే 12,000 ఒక్కటే కడతారు. ప్రతి క్లెయిముకూ అయితే మళ్లీ 25,000 తీసి, మిగిలిన 35,000 మీద 7,000 కో-పే తీస్తారు. కట్టేది 32,000. ఇంట్లో పిల్లలున్నవారికి చిన్న చిన్న అడ్మిషన్లే ఎక్కువ వస్తాయి. ప్రతి క్లెయిముకూ డిడక్టబుల్ ఉన్న పాలసీ వాళ్లకు చాలాసార్లు అక్కరకు రాదు. 20,000 బిల్లయితే కంపెనీ ఒక్క రూపాయి కూడా ఇవ్వదు.

తర్వాత వాళ్లు తెచ్చిన మిగతా మూడు ప్రీమియంలు చూశాం. ఏ కోతా లేనిదానికి ఏడాదికి 31,000, 25,000 వార్షిక డిడక్టబుల్ ఒక్కటే ఉన్నదానికి 27,000, 20 శాతం కో-పే ఒక్కటే ఉన్నదానికి 25,500. ఈ అంకెలు ఆ కుటుంబం వయసులకు వచ్చినవి, మీకు వేరేగా వస్తాయి. చూడాల్సిన పద్ధతి మాత్రం ఇదే. డిడక్టబుల్ తీసుకుంటే ఏటా 4,000 మిగులుతుంది. ఒకసారి ఆసుపత్రి పాలైతే పోయేది అత్యధికంగా 25,000, అంటే ఆరేళ్ల మిగులు. ఆరేళ్లకోసారి కన్నా తక్కువగా ఆసుపత్రి ముఖం చూసే ఇల్లయితే లాభమే. నష్టమైనా ఎంతో ముందే తెలుసు, ఆ 25,000 బ్యాంకులో పక్కన పెట్టుకోవచ్చు.

కో-పేతో ఏటా మిగిలేది 5,500, చూడటానికి ఇంకా బాగుంది. ఎనిమిది లక్షల బిల్లు వచ్చిన రోజున మాత్రం మన వంతు 1,60,000. అది ఇరవైతొమ్మిదేళ్ల మిగులు. బీమా తీసుకునేది ఇలాంటి బిల్లు కోసమే కదా, సరిగ్గా అక్కడే మన వంతు కూడా పెద్దదైపోతోంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న నడివయసు కుటుంబం ప్రీమియం తగ్గించుకోవాలనుకుంటే వార్షిక డిడక్టబుల్ తీసుకోవాలి గాని కో-పే ఒప్పుకోకూడదని నా అభిప్రాయం. వాళ్లూ చివరకు 27,000 పాలసీయే తీసుకున్నారు.

ఆయన తల్లిగారికి 64 ఏళ్లు. ఆవిడకు వేరే పాలసీ చూడాల్సి వచ్చింది, అక్కడ మన ఇష్టాయిష్టాలకు చోటు తక్కువ. పెద్దవాళ్ల పాలసీల్లో చాలావాటికి కో-పే తప్పనిసరి. అడగాల్సింది ఒకటే. అరవయ్యేళ్లు దాటాక కొత్తగా చేరినవారికే కో-పేనా, ముందే చేరినా ఆ వయసు రాగానే మొదలవుతుందా? రెండో రకమైతే ఇప్పుడు నలభైల్లో ఉన్నవారు కూడా పట్టించుకోవాలి.

విశాఖవాసులు ప్రత్యేకంగా చూడాల్సిన కో-పే మరొకటుంది. కొన్ని కంపెనీలు నగరాలను జోన్లుగా విడదీసి ప్రీమియం వేస్తాయి. ఖర్చు ఎక్కువైన నగరాల జోనుకు ప్రీమియం ఎక్కువ, మిగతావాటికి తక్కువ. విశాఖ చిరునామాతో తక్కువ జోను ప్రీమియం కట్టి, వైద్యం పై జోను నగరంలో చేయించుకుంటే అదనంగా ఒక శాతం కో-పే పడుతుంది. మనకు పెద్ద జబ్బు వస్తే హైదరాబాదో చెన్నైయో రైలెక్కే అలవాటు ఉంది. ఏ నగరం ఏ జోనో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీరు వెళ్లే అవకాశమున్న నగరాల పేర్లు చెప్పి అడగండి. జవాబు ఏజెంటు నోటితో కాక కాగితం మీద తీసుకోండి. పై జోను ప్రీమియం కట్టి ఈ కోత తప్పించుకునే వీలు కొన్ని పాలసీల్లో ఉంటుంది.

ఇవన్నీ వెతకడానికి వంద పేజీల పాలసీ తిరగేయనక్కరలేదు. 2024 జనవరి 1 నుంచి పాలసీతో పాటు కొత్త నమూనాలో కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే చిన్న పత్రం ఇవ్వాలి. ఉపపరిమితులు, కో-పే, డిడక్టబుల్ అందులో ఒకేచోట ఉంటాయి, పక్కనే అసలు పాలసీలో ఏ నిబంధన చూడాలో సంఖ్య కూడా ఉంటుంది. అడిగితే తెలుగులోనూ ఇవ్వాలి. పాలసీ చేతికందాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. కాబట్టి ఆ పత్రం చదవాల్సిన సమయం మొదటి వారమే.

ఈ వారం లెక్క: బిల్లు 3,40,000. కంపెనీ ఇవ్వని ఖర్చులు 15,000. డిడక్టబుల్ ఏడాదికి 50,000, అందులో 30,000 ఇంతకు ముందు క్లెయిములోనే తీరిపోయింది. కో-పే 10 శాతం, డిడక్టబుల్ పోగా మిగిలినదానిపై. డిశ్చార్జి రోజున కుటుంబం ఎంత కట్టాలి? జవాబు 4వ పాఠం మొదట్లో ఇస్తాను. అందులో ఉద్యోగం ఇచ్చిన బీమా పైన సూపర్ టాపప్ వేసుకునేవారికి ఈ డిడక్టబులే ఎలా పనికొస్తుందో చూద్దాం.