మీ వాటా కట్టినా అద్దె బకాయి నోటీసు వస్తే

సమస్య: విదేశంలో కొత్తగా దిగి, క్రెడిట్ హిస్టరీ లేక ఒంటరిగా ఇల్లు దొరకక, మరో ఇద్దరితో కలిసి లీజు తీసుకున్నారు. మీ వాటా ప్రతి నెలా గడువులోపే కడుతున్నా, బకాయి చెల్లించమని మీ పేరిట నోటీసు వచ్చింది.

వాదనకు దిగే ముందు లీజులో సంతకాలున్న పేజీ తీయండి. ఎంతమందికి చెప్పినా ఈ పని మాత్రం చేయరు. అందులో మీ పేరే లేకపోతే సాధారణంగా యజమాని ఆ బకాయిని మీ నుంచి రాబట్టలేడు. కానీ అక్కడ ఉండటానికి మీకున్న హక్కూ అంతే బలహీనం. మీ గదికి మీ పేరిట విడి లీజు ఉంటే, మీ రసీదులు పంపితే సరిపోతుంది.

కారణం: ముగ్గురి పేర్లూ ఒకే లీజులో ఉంటే ‘జాయింట్ అండ్ సెవరల్’ అనే షరతు కోసం వెతకండి, అంటే మొత్తం అద్దెకు అందరూ కలిసీ, ఎవరికి వారు విడిగానూ బాధ్యులే. అద్దె 1,800, ఒక్కొక్కరి వాటా 600 అనుకుందాం. నాలుగో నెలలో ఒకరు చెప్పకుండా వెళ్లిపోతే, మిగిలిన 600ను యజమాని ఉన్న ఇద్దరి నుంచీ అడగవచ్చు, మీ ఒక్కరి నుంచే అడగవచ్చు. వాటాలన్నవి మీలో మీరు చేసుకున్న ఒప్పందమే తప్ప యజమానిని కట్టిపడేసేవి కావు. అందుకే “నా వంతు నేను కట్టాను” అనే జవాబు అక్కడ చెల్లదు. ఆ బకాయి క్రెడిట్ సంస్థలకు చేరితే, ఖాళీగా ఉన్న మీ ఫైలులో మొదటి నమోదు అదే అవుతుంది. మీకు హామీ ఇచ్చిన వ్యక్తి సంతకం మొత్తం అద్దెకు వర్తించేలా ఉంటే, ఆయననూ అడుగుతారు.

పరిష్కారం: ముందు ఆ 600 కట్టి, అది వెళ్లిపోయిన వ్యక్తి వాటా అని చెల్లింపు వివరణలో రాయండి, ఆ సొమ్మును తరువాత ఆ వ్యక్తి నుంచి వసూలు చేయడానికి అదే ఆధారం. ఆపై కొత్త మనిషిని చేర్చుకోవడానికి యజమాని అనుమతి కోరి, పాత పేరు తొలగించి కొత్త పేరుతో సవరణ పత్రం రాయించుకోండి. నోటిమాటగా ఎవరినో తెచ్చి గదిలో దింపితే వారి బకాయి కూడా మీ నెత్తినే పడుతుంది. వెళ్లేది మీరే అయినా నియమం ఇదే: తాళాలు అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరదు, యజమాని రాతపూర్వకంగా విడుదల చేయాలి. డిపాజిట్‌ను సాధారణంగా ఇల్లంతా ఖాళీ అయ్యాకే తిరిగి ఇస్తారు కాబట్టి, మీ భాగాన్ని మీ స్థానంలో వచ్చేవారి నుంచి తీసుకోవడం మేలు.

ఇంకా సంతకం చేయనివారు గదికో లీజు అడగాలి. కుదరకపోతే హామీపత్రంలోనైనా ‘ఈ వ్యక్తి వాటా వరకే’ అని చేర్పించాలి.

యజమాని తాళాలు మారుస్తానని బెదిరిస్తే, చాలా దేశాలలో కోర్టు ఉత్తర్వు లేకుండా అది చట్టవిరుద్ధం. ఇలాంటి నోటీసుకు బ్యాంకు బదిలీ ఆలస్యం, ఖాతా సంఖ్యలో తప్పు వంటివి కారణం కావడం అరుదు. స్టేట్‌మెంటు చూస్తే తేలిపోతాయి.